ఒక ఫొటో, నాలుగు పాదాలు, చుట్టూ తెల్లటి జాగా

మన డీటీపీ సెంటర్లలో శుభలేఖకూ స్మృతి కార్డుకూ మూస ఒక్కటే. బంగారు అంచు తీసేసి నల్ల అంచు వేస్తారు. వినాయకుడున్న చోట దీపం పెడతారు. వధూవరుల పేర్లున్న చోట పోయినవారి పేరు ఎక్కిస్తారు. కింద బంధుమిత్రుల పట్టిక యథాతథంగా ఉండిపోతుంది. ఆపరేటరుదీ తప్పని అనలేం. కర్మకు ఐదారు రోజులే ఉంటుంది, ఇంటివాళ్లు కూర్చుని ఆలోచించే స్థితిలో ఉండరు, పాత ఫైలు తెరిచి పేరు మార్చడమే దగ్గరి దారి. కానీ ఆ దారిన వచ్చిన కార్డు ఎవరిదైనా ఒకేలా ఉంటుంది. ఫొటో కాస్త మూసి చూపిస్తే అది ఎవరి ఇంటి కార్డో చెప్పలేం.

ముందు ఒక తేడా చూసుకోవాలి. పెద్దకర్మకో దశదిన కర్మకో పంచే కార్డు నిజానికి కబురు. తేదీ, చోటు, భోజనాల వేళ చెప్పడం దాని పని. ఆ పని అయ్యాక చాలా ఇళ్లలో దాన్ని ఉంచుకోరు. స్మృతి కార్డు వేరు. సంస్మరణ సభలోనో, సంవత్సరీకం నాడో, చర్చిలో జ్ఞాపకార్థ కూడిక తర్వాతో చేతికిచ్చేది. దాన్ని పుస్తకంలో పెట్టుకుంటారు, బీరువా తలుపు లోపలివైపు అతికించుకుంటారు. కాబట్టి అందులో ఫంక్షన్ హాలు పేరుతోనూ ఫోన్ నంబరుతోనూ పనిలేదు. ఒక బొమ్మ, పేరు, రెండు సంవత్సరాలు, ఒక చిన్న పద్యం చాలు. ఈ రెండు పనులనూ ఒకే కాగితం మీద చేయించాలని చూసినప్పుడే చాలా కార్డులు చెడిపోతాయి.

ఒక కార్డు ఎలా తయారైందో దగ్గరుండి చూద్దాం. తెలుగు పంతులమ్మగా పనిచేసి రిటైరైన ఒక పెద్దావిడ సంవత్సరీకానికి పిల్లలు వేయించిన కార్డు అది. సైజు అయిదంగుళాలకు ఏడంగుళాలు, అంటే 127 మిల్లీమీటర్ల వెడల్పు, 178 ఎత్తు. ఆపరేటరు మొదట తీసిచ్చిన నమూనాలో ఆవిడ వెనక మేఘాలు, తల చుట్టూ వెలుగు, మెడలో కంప్యూటర్ దండ, రెండు వైపులా దీపాలు, ఎర్రటి అక్షరాలకు నల్లటి నీడ, కింద పద్దెనిమిది పేర్లు ఉన్నాయి. కొడుకు చూసి “ఇవన్నీ తీసేస్తే ఎలా ఉంటుందన్నా?” అని అడిగాడు. “బోసిగా ఉంటది సార్. కార్డంటే కాస్త నిండుగా ఉండాలి కదా” అన్నాడు ఆపరేటరు. ఆయన మాటలో అబద్ధం లేదు. శుభలేఖకు నిండుదనమే అందం. ఇక్కడ ఆ నిండుదనం ముఖానికి అడ్డం వస్తుంది.

ఫొటో దగ్గర మొదలుపెడదాం, అసలు చిక్కంతా అక్కడే. మన పెద్దవాళ్లకు విడిగా తీయించుకున్న మంచి ఫొటో ఉండటం అరుదు. ఆధార్ ఫొటో ఉంటుంది, పెన్షన్ పుస్తకం మీది ఉంటుంది, మనవరాలి పెళ్లిలో పదిమంది మధ్య నిలబడ్డది ఉంటుంది. ఆధార్ ఫొటోలో ముఖం తిన్నగా ఉన్నా మనిషి ఉండదు. పెళ్లి ఫొటోలో మనిషి ఉంటుంది కానీ ముఖం గోరంత ఉంటుంది. అచ్చుకు పనికొస్తుందో లేదో లెక్క వేసి చూసుకోవచ్చు. కార్డు మీద ఫొటో రెండంగుళాల వెడల్పు, రెండున్నర అంగుళాల ఎత్తు రావాలనుకుందాం. అంగుళానికి 300 చుక్కలు ఉంటే అచ్చు తేటగా వస్తుంది. అంటే కత్తిరించిన తర్వాత మిగిలిన ముక్క 600 పిక్సెళ్ల వెడల్పు, 750 ఎత్తు ఉండాలి. 200 చుక్కల వరకూ దిగినా సర్దుకోవచ్చు. 400కు 500 పిక్సెళ్ల ముక్క అన్నమాట. అంతకన్నా తగ్గితే ముఖం మైనం పూసినట్టవుతుంది. అలాంటప్పుడు ఫొటో సైజు తగ్గించుకోవాలి గానీ సాగదీయకూడదు. చిన్న ఫొటో చుట్టూ ఎక్కువ తెలుపు వదిలితే కార్డుకు వచ్చే లోటేమీ లేదు.

ఇంటివాళ్లు వాట్సాప్‌లో ఫొటో పంపినప్పుడు అది దారిలోనే కుంచించుకుపోతుంది. దాన్నే ఇంకొకరికి, వాళ్ల నుంచి మరొకరికి పంపితే పిక్సెళ్లు రాలిపోతూనే ఉంటాయి. ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపితే అసలు ఫైలు ఉన్నదున్నట్టు చేరుతుంది. గోడ మీది పటాన్నే ఫోన్‌తో తీయాల్సి వస్తే దాన్ని దింపి, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన పెట్టి, ఫోన్‌ను పటానికి సమాంతరంగా పట్టుకుని తీయాలి. పక్కకు వంచి తీస్తే అద్దం మెరుపు తప్పుతుంది గానీ గడ్డం సన్నబడుతుంది, నుదురు పెరుగుతుంది. పాత ఫొటో అద్దానికి అంటుకుపోయి ఉంటే ఊడదీయొద్దు. ఆ పొర ఊడి వచ్చిందంటే మళ్లీ దొరకదు. అద్దం మీంచే తీసుకోవడం మేలు.

మా పంతులమ్మ విషయంలో పిల్లలు పెళ్లి ఫొటోనే ఎంచుకున్నారు. అందులో ఆవిడ పక్కవాళ్లతో ఏదో మాట్లాడుతూ నవ్వబోతున్నారు. ఆపరేటరు మనిషిని వెనక దృశ్యం నుంచి కత్తిరించబోయాడు. అలా కత్తిరిస్తే పాపిట పక్కన ఎగిరే తెల్ల వెంట్రుకలు ముందుగా పోతాయి, చెవి అంచు కోసినట్టవుతుంది, పమిట గట్టి అట్టలా కనిపిస్తుంది. దానికి బదులు ఫొటోను భుజాల దాకా నిలువుగా కత్తిరించి, వెనక ఉన్న షామియానా మసకను అలాగే ఉండనిచ్చారు. కళ్లు ఫొటో ఎత్తులో పైనుంచి మూడో వంతు దగ్గరకు వచ్చేలా చూశారు. ఆవిడ చూపు కొంచెం కుడికి ఉంది. ఫొటోను కార్డు కుడి అంచుకు చేర్చి ఉంటే కార్డు బయటికి చూస్తున్నట్టుండేది. నడిమికి పెట్టడంతో ఆ ఇబ్బంది లేకపోయింది.

రంగు తీసేసి నలుపు తెలుపుల్లోకి మార్చాలని కూతురు అడిగింది. మంచి ఆలోచనే. పెళ్లి పందిరి లైట్ల పసుపు, పక్కావిడ చీర ఎరుపు ముఖం మీద పడకుండా పోతాయి. కానీ ఈ మార్పులో చాలామంది గమనించని ఒక ప్రమాదం ఉంది. ఫొటోషాప్‌లో రంగులను నలుపు తెలుపులుగా మార్చేటప్పుడు ఏ రంగు ఎంత తెల్లగా రావాలో మనమే జరుపుకోవచ్చు. ముఖం తేటగా రావాలని ఆపరేటరు ఎరుపును పైకి జరుపుతాడు. చర్మంలో ఎరుపు ఎక్కువ కాబట్టి ముఖం నిజంగానే తెల్లబడుతుంది. దాంతోపాటే కుంకుమ బొట్టు కూడా తెల్లబడి నుదుట్లో కలిసిపోతుంది. ఆవిడ ముత్తైదువగా పోయారు. అచ్చయిన కార్డు మీద నుదురు బోసిగా వచ్చి ఉంటే ఆ ఇంట్లో ఎవరూ దాన్ని చేత్తో ముట్టుకునేవారు కాదు. ఎరుపును కిందికి దించితే బొట్టు నల్లగా నిలుస్తుంది, ముఖం కొంచెం చామనఛాయకు వస్తుంది. ఆవిడ ఛాయ అదే. ముఖం తెల్లగా చేయడం గౌరవం అనుకునే అలవాటు మన స్టూడియోల్లో ఇంకా పోలేదు. ఇంటివాళ్లకు కావలసింది అందమైన ముఖం కాదు, గుర్తుపట్టగలిగే ముఖం.

ఇక పద్యం. పిల్లలు తేలికైన ఆటవెలది ఒకటి రాయించుకున్నారు:

పలక మీద రాసి పలుకు నేర్పిన తల్లి
వేలు పట్టి మాకు వెలుగు చూపె
నేడు లేదు గాని నీడ యింటను నిల్చె
అమ్మ మాట మాకు నక్షరమ్ము

ఆటవెలదికి ఒక రూపం ఉంది. ఒకటి, మూడు పాదాలు పొడవు. రెండు, నాలుగు పొట్టి. ఆ ఎగుడుదిగుడు కంటికీ కనిపించాలి, అప్పుడే చదివేవాడి గొంతు దానంతటదే పద్యపు నడకలో పడుతుంది. ఆపరేటరు మొదటి నమూనాలో ఫొటోను ఎడమ పక్కన పెట్టి, మిగిలిన కుడి భాగంలో పద్యం ఎక్కించాడు. కార్డు వెడల్పు 127. రెండు పక్కలా 15 చొప్పున మార్జిన్ పోతే 97 మిగులుతుంది. ఫొటోకు 50, మధ్య సందుకు 8 తీసేస్తే పద్యానికి దక్కింది 39 మిల్లీమీటర్లు. మొదటి పాదంలో పదిహేను అక్షరాలున్నాయి. 14 పాయింట్ల అక్షరంలో దానికి దాదాపు 60 మిల్లీమీటర్లు కావాలి. ఇంకేముంది, “తల్లి” తెగి కింది వరుసలో పడింది. నాలుగు పాదాల పద్యం ఆరు వరుసలైంది. పద్యమని ఎవరూ పోల్చుకోలేరు. అక్షరం 9 పాయింట్లకు దించితే వరుస పట్టేది, కానీ ఆ కార్డు అందుకునేవాళ్లలో సగం మంది అరవై దాటినవాళ్లు.

అందుకే ఈ పనిలో లెక్క అన్నిటికన్నా పొడవైన పాదం నుంచి మొదలవ్వాలి. ఆ పాదం చదవదగిన సైజులో ఎక్కడ పడుతుందో చూసుకుని, మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకోవాలి. పద్యం ఫొటో కిందికి వచ్చింది. వరుసలన్నిటినీ నడిమికి సర్దడం ఇంకో అలవాటు. ఒకే పొడవున్న వరుసలకు అది బాగానే ఉంటుంది గానీ ఆటవెలదికి నప్పదు, ప్రతి పాదం వేరే చోట మొదలై కన్ను వెతుక్కోవాలి. నాలుగు పాదాలనూ ఎడమకు సమంగా మొదలుపెట్టి, రెండు, నాలుగు పాదాలను నాలుగైదు మిల్లీమీటర్లు లోపలికి జరిపి, ఆ మొత్తం కట్టను కార్డు మధ్యకు తెచ్చారు. తేటగీతి అయితే ఈ జరపడం అక్కర్లేదు, దాని పాదాలన్నీ ఒకే కొలతవి.

వరుసల మధ్య జాగా దగ్గర తెలుగు ఇంగ్లీషులా కాదు. మన అక్షరం మూడంతస్తులది. పైన తలకట్టు, గుడి, ఎత్వం. మధ్యలో అక్షరం. కింద వత్తు. 14 పాయింట్ల ఇంగ్లీషు అక్షరానికి సాఫ్ట్‌వేర్ తనంత తానుగా వదిలే 17 పాయింట్ల వరుస మనకు చాలదు. ఈ పద్యంలోనే చూడండి. మొదటి పాదం చివర “నేర్పిన” కింద ప వత్తు, “తల్లి” కింద ల వత్తు వేలాడుతున్నాయి. దాదాపు వాటి కిందికే రెండో పాదం చివరి “చూపె” ఎత్వం వస్తుంది. 17 పాయింట్లలో ఈ రెండూ రాసుకుంటాయి. 22కు పెంచాక పై వత్తు, కింది ఎత్వం ఎవరి చోట అవి నిలిచాయి. అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు వరుసకు వదలాలని ఒక కొండగుర్తు పెట్టుకోవచ్చు. అయితే నమ్మకం కుదిరేది కొలతతో కాదు. ఏ వరుసలో కింద వత్తులున్నాయో, దాని కింది వరుసలో పైన గుడిదీర్ఘాలు ఎక్కడున్నాయో కంటితో వెతకాలి.

అక్షరం లావు చేయడం, కింద గీత గీయడం, నీడ వేయడం, ఈ మూడూ తెలుగును గాయపరిచేవే. సిలికానాంధ్ర విడుదల చేసిన తెలుగు ఫాంట్లలో మండలి ఉంది. పుస్తకపు అక్షరంలా నెమ్మదిగా ఉంటుంది, ఇలాంటి కార్డుకు బాగా కుదురుతుంది. కానీ అందులో ఉన్నది ఒకే మందం. సాఫ్ట్‌వేర్‌లో B బొత్తాం నొక్కితే అది కొత్త అక్షరం తీసుకురాదు, ఉన్న గీతనే బయటికీ లోపలికీ ఉబ్బిస్తుంది. అక్షరం కడుపులోని తెలుపు పూడుకుపోతుంది. నిజంగా లావు అక్షరం కావాలంటే మందాలు విడివిడిగా గీసి ఉన్న నోటో సెరిఫ్ తెలుగు లాంటిది తీసుకోవాలి. పద్యానికి టీరో తెలుగు కూడా చూడదగినదే. అది మొదట మూర్తి క్లాసికల్ లైబ్రరీ పుస్తకాల కోసం తయారైంది. కింద గీత గీస్తే ప్రతి వత్తునూ నరుక్కుంటూ పోతుంది. పేరు పెద్దగా కనిపించాలంటే పెద్ద సైజు ఒక్కటే చాలు. ఈ కార్డులో పేరు 22 పాయింట్లు, పద్యం 14, సంవత్సరాలు 12. ఒకే ఫాంటు, ఒకే నలుపు.

ఇంకో చిక్కు పాత ఫాంట్లది. చాలా సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్లే నడుస్తున్నాయి. ఫోన్లో కొట్టిన యూనికోడ్ తెలుగును వాటిలోకి మార్చేటప్పుడు పొల్లులు, వత్తులు అక్కడక్కడ తారుమారవుతాయి. యూనికోడ్‌నే నేరుగా వాడినా ఇన్‌డిజైన్‌లో Adobe World-Ready Paragraph Composer ఎంచుకోకపోతే “అమ్మ” అనే మాట మకు వత్తు పడకుండా “అమ్‌మ”గా విడిపోయి కనిపించవచ్చు. పద్యాన్ని కార్డు మీద చూసి కాదు, రాసుకున్న కాగితంతో పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడాలి. ఇంటివాళ్లు తమ పేర్లను ఎలాగూ సరిగానే చదివేసుకుంటారు, తప్పున్నా కనబడదు. కుటుంబానికి బయటివాళ్లెవరైనా పైకి చదివితే తప్పు దొరుకుతుంది.

ఇప్పుడు కార్డు పైనుంచి కిందికి ఇలా వచ్చింది. పైన 18 మిల్లీమీటర్ల తెలుపు. ఫొటో 62. కొంచెం సందు, తర్వాత పేరు, దాని కింద పుట్టిన, పోయిన సంవత్సరాలు. మళ్లీ ఒక సెంటీమీటరు తెలుపు. పద్యం నాలుగు పాదాలకు కలిపి 31. కింద “పిల్లలు, మనుమలు” అని ఒకే వరుస. అడుగున 20 తెలుపు. పైకన్నా అడుగున కాస్త ఎక్కువ వదలడం ఎందుకంటే, రెండూ సమానంగా ఉంటే కంటికి అంతా కిందికి జారినట్టుంటుంది. పద్దెనిమిది పేర్ల సంగతి దగ్గర కొంత తర్జనభర్జన జరిగింది. ఎవరి పేరు వదిలినా నొచ్చుకుంటారు. వెనక వైపుకు మార్చారు, 11 పాయింట్లలో, వరసలు మాత్రం రాయకుండా. ఆవిడ పోయిన తిథి కూడా వెనకే వేశారు. ఏటా ఆబ్దికం తిథిని బట్టే పెడతారు కాబట్టి అది ఇంటివాళ్లకు తేదీ కన్నా అవసరం. కొన్ని ఫ్లెక్సీల్లో పోయినవారి ఫొటో కన్నా నివాళి అర్పించే నాయకుడి ఫొటో పెద్దగా ఉంటుంది. కార్డుకు ఆ జబ్బు ఇంకా పూర్తిగా పాకలేదు, అదృష్టం.

పేరు ముందు ఏం రాయాలన్నది ఆ ఇంటి సంప్రదాయం చెప్పాలి. కీర్తిశేషులు అందరికీ సరిపోతుంది. శైవులు శివైక్యం అంటారు, వైష్ణవులు పరమపదించారు అంటారు, క్రైస్తవులు ప్రభువునందు నిద్రించారు అంటారు. మూస ఫైలులో ఉన్నది ఉన్నట్టు వదిలేస్తే ఒకరి మాట ఇంకొకరి కార్డు మీదికి వచ్చేస్తుంది. దీపం, శిలువ, నామాల లాంటి గుర్తు కావాలనుకుంటే ఒకటి, చిన్నది, పేరు పైన చాలు. నల్ల అంచు తెల్లదొరల సంతాపపు కాగితాల నుంచి వచ్చిన అలవాటు. ఉంచాలనుకుంటే వెంట్రుకంత గీత చాలు, అదీ కాగితం అంచుకు కాకుండా బాగా లోపలికి. అంచుకు ఆనించి వేసిన గీత కటింగ్ మిషన్ మిల్లీమీటరు జరిగినా ఒక పక్క లావుగా, ఇంకో పక్క సన్నంగా వచ్చి వెంటనే పట్టుబడుతుంది.

అచ్చుకు పంపేముందు నలుపును చూసుకోవాలి. ఇది ప్రెస్సులో ఉన్నవాళ్లకు తెలుసు గానీ ఇంటివాళ్లకు తెలియదు. తెర మీది నలుపు అచ్చు ఫైలులోకి మారేటప్పుడు నాలుగు ఇంకుల కలయికగా మారిపోవచ్చు. నాలుగు ఇంకులూ ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి పక్కకు పడ్డా చిన్న అక్షరాల చుట్టూ ఎర్రగానో నీలంగానో నీడ కనిపిస్తుంది. తెలుగు వత్తుల్లాంటి సన్నని గీతలకు అది ఇంకా హాని. అక్షరాలన్నీ నల్ల ఇంకు ఒక్కదానిలోనే ఉండాలని చెబితే ఆపరేటరుకు అర్థమవుతుంది. నలుపు తెలుపు ఫొటోదీ అదే కథ. నాలుగు ఇంకుల్లో అచ్చయితే ఒక్కోసారి పచ్చగానో గులాబీగానో కొడుతుంది, పోయినవారి ముఖం మీద అది చూడలేం.

కాగితం మెరిసేది వద్దు. ట్యూబ్‌లైటు కింద పట్టుకుంటే ముఖం మీదే మెరుపు పడుతుంది. 250 నుంచి 300 జీఎస్‌ఎం మందంలో మెరుపు లేని మ్యాట్ గానీ, లేత ఐవరీ గానీ బాగుంటుంది. మడత కార్డు అయితే మడత పడే చోట ముందుగా గాడి కొట్టించాలి. అంత మందం కాగితాన్ని ఊరికే చేత్తో మడిస్తే వెన్ను పగిలి తెల్లటి గీత పడుతుంది. నమూనాను మాత్రం తెర మీద చూసి సరే అనొద్దు. తెర మీద ఎంత పెద్దదైనా చేసుకుని చూస్తాం. ఒక కాగితం మీద అసలు సైజులో తీయించి, ఇంట్లో పెద్దవాళ్ల చేతికిచ్చి, కళ్లజోడు ఎంత దూరం జరుపుకుంటున్నారో గమనిస్తే సైజు చాలిందో లేదో తెలిసిపోతుంది. ఈ కార్డులో సంవత్సరాలు మొదట 10 పాయింట్లే ఉండేవి. ఆవిడ చెల్లెలు కాగితాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లడం చూసి 12 చేశారు.

రెండు వందల లోపు కార్డులైతే డిజిటల్ అచ్చు చాలు, మర్నాటికి చేతికి వస్తుంది. ఫైలు తీసుకునేటప్పుడు రెండు రకాలుగా తీసుకోవాలి. ఒకటి అక్షరాలను కర్వ్స్‌గా మార్చిన పీడీఎఫ్, ఏ ప్రెస్సుకు ఇచ్చినా ఫాంటు మారదు. రెండోది మార్చకుండా ఉంచిన అసలు ఫైలు. కర్వ్స్‌గా మారిన అక్షరంలో తప్పు దొరికితే దిద్దడానికి లేదు. మొత్తం మళ్లీ కొట్టుకోవాల్సిందే.